వెనక్కి వచ్చిన సరుకును రెండోసారి పంపే ముందు: తీసుకునే మనిషిని, సమయాన్ని ఖాయం చేసుకోవడం

ప్రశ్న: ఇంటి సామాను అమ్మే సంస్థలో డెలివరీ డెస్క్‌లో ఈ మధ్యే చేరాను. "కస్టమర్ లేరు" అని సరుకు వెనక్కి వచ్చినప్పుడు నేనే ఫోన్ చేసి మళ్లీ తేదీ తీసుకుంటున్నాను. అయినా రెండోసారి కూడా చాలావరకు వెనక్కే వస్తున్నాయి. ఫోన్‌లో నేను అడగకుండా వదిలేస్తున్నది ఏమిటి? సమయం ఎలా చెప్పాలి?

సమాధానం:

తేదీ ఒక్కటే తీసుకోవడం వల్లనే ఇలా జరుగుతోంది. సరుకును రెండోసారి బండి ఎక్కించే ముందు నాలుగు సంగతులు తేలాలి. మొదటిసారి అది నిజంగా ఎందుకు ఆగింది, ఆ రోజు తలుపు తీసి సరుకు తీసుకునే మనిషి ఎవరు, ఆ మనిషి ఇంట్లో ఉండే సమయానికి మన బండి చేరగలదా, ఈ మాటలన్నీ అటువైపు నుంచి రాతలో "సరే" అని వచ్చాయా. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా ఆ సరుకును మరుసటి రోజు రన్‌షీట్‌లో, అంటే డ్రైవర్‌కు ఇచ్చే జాబితాలో, పెట్టవద్దు. ఒక రోజు ఆలస్యమైతే కస్టమర్ విసుక్కుంటారు. రెండోసారి కూడా రాకపోతే ఆర్డర్ రద్దు చేస్తారు.

నేను పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లు బండి మీద హెల్పర్‌గా తిరిగాను, ఆ తరువాత నుంచి డెస్క్ మీద ఉన్నాను. కింద రాసినవి ఎక్కువగా బరువైన సామానుకు, అంటే అల్మారాలు, మంచాలు, వాషింగ్ మెషీన్ల వంటి వాటికి సంబంధించినవి. చిన్న పార్సిళ్లకు ఇంత శ్రమ అవసరం ఉండదు. కానీ మీరు ఇంటి సామాను అన్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

మొదటి ఫోన్ కస్టమర్‌కు కాదు, డ్రైవర్‌కు చేయండి. డ్రైవర్ చేతిలో ఉన్న యాప్‌లో నొక్కడానికి అన్నిటికన్నా సులువైన కారణం "కస్టమర్ అందుబాటులో లేరు" అన్నదే. అందువల్ల ఎన్నో వేరువేరు కారణాలు ఆ ఒక్క మాట కిందికి చేరిపోతాయి. కొత్త నంబరు నుంచి వచ్చిన ఫోన్‌ను కస్టమర్ ఎత్తి ఉండకపోవచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ లోపలికి పంపి ఉండకపోవచ్చు. తలుపు తీసిన వారికి ఆర్డర్ సంగతి తెలియక "మాది కాదు" అని పంపేసి ఉండవచ్చు. బండి పూర్తిగా వేరే ఇంటి ముందు ఆగి ఉండవచ్చు. సాయంత్రమై షిఫ్ట్ ముగిసిపోయి అసలు అక్కడికి వెళ్లకుండానే బటన్ నొక్కి ఉండవచ్చు. వీటిలో కొత్త తేదీతో తీరేవి ఒకటో రెండో మాత్రమే. మిగిలిన కారణాలు అలాగే ఉండి రెండోసారి కూడా అదే చోట అడ్డు పడతాయి.

కాబట్టి కస్టమర్‌కు ఫోన్ చేసే ముందు మూడు ఆధారాలు చూడండి. బటన్ నొక్కిన క్షణంలో బండి ఎక్కడ ఉందో లొకేషన్‌లో చూడండి. డ్రైవర్ ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఏ సమయంలో చేశారో కాల్ వివరాల్లో చూడండి. గుమ్మం ముందు తీసిన ఫోటో ఉంటే దాన్ని తెరిచి పెద్దది చేసి చూడండి. ఆ తరువాత డ్రైవర్‌ను "ఎందుకు ఇవ్వలేదు?" అని కాకుండా "బండి ఎక్కడ ఆపారు? ఎవరు కనిపించారు? ఏమన్నారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు సంజాయిషీ వస్తుంది. రెండో రకం ప్రశ్నలకు జరిగినది బయటికి వస్తుంది. ఇది అదే రోజు అడగాలి. మర్నాటికి ఆయన మరో ఇరవై ఇళ్లు తిరిగి ఉంటారు, ఆ గేటు ముఖమే గుర్తుండదు.

లొకేషన్ ఇంటికి చాలా దూరంగా ఉండి, కాల్ ఒక్కటి కూడా లేకపోతే, కస్టమర్‌తో "మీరు ఇంట్లో లేరట" అని పొరపాటున కూడా అనవద్దు. ఆవిడ సెలవు పెట్టి రోజంతా ఇంట్లో కూర్చుని ఉండవచ్చు. "ఈ రోజు మా బండి మీ ఇంటి దాకా రాలేకపోయింది, తప్పు మాదే" అని జరిగినది జరిగినట్టు చెప్పండి. ఆ మాట విన్న తరువాత చాలామంది కోపం తగ్గించుకుని అసలు విషయంలోకి వస్తారు. లేనిపోని నింద మోపితే సంభాషణ అంతా ఆ నింద చుట్టూనే తిరుగుతుంది, మీకు కావలసిన సమాచారం ఒక్కటీ రాదు.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మీరు ఎక్కడెక్కడ ఆగి చూసుకోవాలో దానిలో కనిపిస్తుంది.

రెండు పెట్టెల్లో ఉన్న ఒక పెద్ద అల్మారా. చిరునామా ఒక అపార్ట్‌మెంట్‌లో డి బ్లాక్, 402. ఉదయం 11:40కి "కస్టమర్ అందుబాటులో లేరు" అని నమోదై వెనక్కి వచ్చింది. కాల్ వివరాల్లో మూడు ప్రయత్నాలు ఉన్నాయి, మూడూ ఎత్తలేదు. లొకేషన్ కూడా ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే చూపించింది. పైకి చూస్తే డ్రైవర్ తన పని సక్రమంగా చేసినట్టే ఉంది. ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. తాళం వేసిన చెక్క తలుపు, పక్కన 402 అన్న పలక, ఆ పలక మీద అంకెకు ముందు చిన్న అక్షరం ఉంది. అది "డి" కాదు, "బి". ఆ ఆవరణలో ప్రతి బ్లాక్‌లోనూ ఒక 402 ఉంది. డ్రైవర్‌ను అడిగితే, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "నాలుగు వందల రెండా? ఎదురుగా లిఫ్ట్" అని చేయి చూపించారని, తాను అటే వెళ్లానని చెప్పారు. నేను ఆ ఫోటో చూడకుండా తేదీ మాత్రమే మార్చి ఉంటే, రెండోసారి కూడా బండి ఎదురుగా ఉన్న బి బ్లాక్‌కే వెళ్లేది.

ఇక ఫోన్ సంగతి. ఆర్డర్ మీద ఉన్న నంబరు వేరే ఊళ్లో ఉంటున్న ఒక యువకుడిది. తల్లి కోసం కొన్నారు. డ్రైవర్ ఫోన్ చేసినప్పుడు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారు. నేను 12:15కి చేసినప్పుడు ఎత్తి, "అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందండీ, రేపు ఎప్పుడైనా పంపండి" అన్నారు.

ఇక్కడే చాలామంది కొత్తవారు ఫోన్ పెట్టేస్తారు. తేదీ వచ్చింది, మనిషి ఉన్నారు, సమయం ఎప్పుడైనా సరే. వినడానికి అంతా సిద్ధమైనట్టే ఉంటుంది. కానీ ఆ మాట చెప్పినవారు ఆ ఇంట్లో లేరు. సరుకు ఎవరు తీసుకుంటారో వారి నోటి నుంచే సమయం రావాలి. ఆర్డర్ పెట్టినవారు, డబ్బు కట్టినవారు, తలుపు తీసేవారు ఒక్కరే అని ఎప్పుడూ అనుకోవద్దు. నేను ఆ అబ్బాయిని అమ్మగారి నంబరు అడిగాను. ఆవిడకు మా నుంచి ఫోన్ వస్తుందని ముందుగా చెప్పమని కూడా అడిగాను. ఈ రెండో కోరిక చిన్నదిగా కనిపించినా చాలా ముఖ్యం. పరిచయం లేని నంబరు నుంచి "మీ సరుకు వస్తోంది" అని ఫోన్ వస్తే పెద్దవారు భయపడి పెట్టేస్తారు, అలా పెట్టేయడమే మంచిదని వారికి పిల్లలు చెప్పి ఉంటారు కూడా.

పది నిమిషాలు ఆగి ఆవిడకు ఫోన్ చేశాను. "బాబు చెప్పాడు, మీరేనా?" అన్నారు. "అవునమ్మా, నేనే. రేపు పొద్దున మీరు బయటికి వెళ్లే పని ఏమైనా ఉందా?" అని అడిగాను. "మోకాలి నొప్పికి రోజూ ఫిజియోథెరపీకి వెళ్తాను బాబూ, పదికి వెళ్తే వచ్చేసరికి పన్నెండు అవుతుంది" అన్నారు. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారన్న మనిషి, బండ్లు ఎక్కువగా తిరిగే సరిగ్గా ఆ రెండు గంటలు ఇంట్లో ఉండరు. కొడుకు అబద్ధం చెప్పలేదు, ఆయనకు తట్టలేదు, అంతే.

ఈ ప్రశ్న అడిగే తీరు గమనించండి. "మీరు ఎప్పుడు ఉంటారు?" అని అడిగితే మర్యాద కోసం "ఎప్పుడైనా రండి" అంటారు. "మీరు ఎప్పుడు ఉండరు?" అన్న వైపు నుంచి అడిగితే నిజమైన అడ్డంకులు వస్తాయి: పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం, మధ్యాహ్నం నిద్ర, నీళ్లు వచ్చే సమయం, వినికిడి తక్కువగా ఉండటం, ఫోన్ వేరే గదిలో పెట్టి ఉండటం. ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకే బయటపడతాయి.

తరువాత నేను అడిగినది భవనం గురించి. పెద్ద సామాను లిఫ్ట్‌లో తీసుకురానిస్తారా, ఏ సమయం దాకా తీసుకురానిస్తారు అని. ఆవిడకు తెలియదన్నారు. సెక్యూరిటీ గది నంబరు తీసుకుని అడిగితే, సామాను లిఫ్ట్ వెనక గేటు వైపు ఉందని, సాయంత్రం 5 తరువాత దాన్ని వాడనివ్వరని చెప్పారు. డి బ్లాక్‌కు దగ్గర కూడా ఆ వెనక గేటేనట. మొదటి రోజు ఈ మాట తెలిసి ఉంటే డ్రైవర్ బి బ్లాక్ వైపు వెళ్లే అవసరమే వచ్చేది కాదు.

చివరగా, ఆవిడ అనుకోకుండా బయటే ఆగిపోతే తలుపు తీసేది ఎవరని అడిగాను. ఎదురింటి ఆవిడ దగ్గర తాళం ఉంటుందన్నారు. ఆమె పేరు, నంబరు తీసుకున్నాను, అయితే ఆమెకు కూడా ముందుగా చెప్పి ఉంచమని కోరాను. ఇలా రెండో మనిషిని రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వారితో మాట్లాడవలసి వస్తే "ఒక డెలివరీ ఉంది" అన్నంత వరకే చెప్పాలి. లోపల ఏముందో, ధర ఎంతో పొరుగువారికి చెప్పే హక్కు మనకు లేదు.

ఇప్పుడు సమయం. మీరు రెండో ప్రశ్నగా అడిగినది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేది కూడా ఇక్కడే.

కస్టమర్ చెప్పిన సమయాన్ని అలాగే రాసుకుని డ్రైవర్‌కు ఇవ్వడం సమయం ఖాయం చేయడం కాదు. మన బండి ఆ రోజు వెళ్లే దారిలో ఆ ఇల్లు ఎన్నో వంతుగా వస్తుందో లెక్క వేసి, ఆ లెక్క కస్టమర్ ఖాళీతో కలిసే చోట స్లాట్ ఇవ్వాలి. పై ఉదాహరణలో కస్టమర్ వైపు నుంచి వీలైన సమయం మధ్యాహ్నం 12 నుంచి 5 వరకు. ఆవిడ తిరిగి రావడం కొంచెం ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా ముందు అరగంట వదిలేశాను. అంటే 12:30 నుంచి 5 లోపల మనకు చోటు దొరకాలి.

మా బండి హబ్ నుంచి 10 గంటలకు బయలుదేరుతుంది, మొదటి ఇంటికి చేరడానికి అరగంట పడుతుంది. మామూలు సామాను దించడానికి, అక్కడి నుంచి తరువాతి ఇంటికి వెళ్లడానికి కలిపి సుమారు 15 నిమిషాలు, బరువైన సామానైతే 30 నిమిషాలు అని మా మార్గంలో నేను లెక్క వేసుకుంటాను. మీ అంకెలు మీ పాత రన్‌షీట్లు చూసి మీరే తీసుకోవాలి. ఆ మర్నాడు ఈ ఇంటికి ముందు ఎనిమిది ఇళ్లు ఉన్నాయి, వాటిలో ఆరు మామూలువి, రెండు బరువైనవి. ఆరింటికి 90 నిమిషాలు, రెండింటికి 60 నిమిషాలు, మొత్తం 150 నిమిషాలు. 10:30కి కలిపితే మధ్యాహ్నం 1 గంట. ఆవిడకు నేను ఇచ్చిన స్లాట్ 12:30 నుంచి 2:30.

ఒంటిగంటకు ముందు అరగంట, తరువాత గంటన్నర ఎందుకు పెట్టానో చెప్పాలి. బండి ముందుగా చేరే అవకాశాలు కొద్ది. ఒకటి రెండు ఇళ్ల దగ్గర ఎవరూ లేక త్వరగా కదిలితేనే ముందుకు జరుగుతుంది. ఆలస్యం కావడానికి మాత్రం అంతు లేదు: లిఫ్ట్ పాడవుతుంది, దారి మూసేస్తారు, ఒక కస్టమర్ పెట్టె విప్పి చూసేదాకా సంతకం పెట్టనంటారు. అందుకని అంచనా సమయానికి రెండు వైపులా సమానంగా పెడితే వెనక వైపు చాలదు.

ఇంకొక సంగతి. ఈ ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. మూడో ఇంటికి చేరే సమయాన్ని చాలా దగ్గరగా చెప్పవచ్చు, పదిహేనో ఇంటికి చేరే సమయాన్ని అలా చెప్పలేము. కాబట్టి ఇరుకైన సమయం అడిగే రెండోసారి సరుకును వీలైనంత వరకు దారిలో ముందుకు తీసుకురండి. దారి చివర ఉండక తప్పకపోతే రెండు గంటల స్లాట్ ఇవ్వకుండా మూడు నాలుగు గంటలు చెప్పి, బండి దగ్గరికి వచ్చాక అరగంట ముందు ఫోన్ చేస్తామని చెప్పండి. కస్టమర్‌కు నచ్చకపోవచ్చు, కానీ నిలబెట్టుకోగలిగిన మాట అదే. ఇలా గట్టి సమయం ఇచ్చినవి ఒక బండిలో రెండు మూడింటికి మించితే డ్రైవర్ ఒక వీధిలోకే రోజుకు మూడుసార్లు తిరగవలసి వస్తుంది, చివరికి అన్ని మాటలూ తప్పుతాయి. ఆ పైన అడిగిన వారికి ఆ పూట చోటు లేదని చెప్పి మర్నాడు ఇవ్వడమే మేలు.

కస్టమర్‌కు సమయం చెప్పేటప్పుడు రెండు స్లాట్లు ముందు పెట్టి ఎంచుకోమనండి. "రేపు పన్నెండున్నర నుంచి రెండున్నర మధ్య, లేదా ఎల్లుండి మూడు నుంచి అయిదు మధ్య, మీకు ఏది వీలు?" అని అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది. "సుమారు ఒంటిగంటకు వస్తాం" అని మాత్రం చెప్పవద్దు. మీ మనసులో అది అంచనా, వినేవారికి అది మాట. ఒంటిగంటా పదికి వాళ్లు అడుగు బయట పెడతారు.

ఫోన్ పెట్టే ముందు చివరి పని, విన్నదంతా మీరే తిరిగి చెప్పడం. నేను ఆవిడతో "అమ్మా, ఒకసారి సరిచూసుకుందాం. రేపు గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర లోపల, డి బ్లాక్ నాలుగో అంతస్తు, వెనక గేటు. మీరే తీసుకుంటారు, కుదరకపోతే ఎదురింటావిడ. సరేనా?" అన్నాను. "గురువారమా? నేను రేపు బుధవారం అనుకున్నాను" అన్నారు. రోజులే తారుమారయ్యాయి. వారం పేరు, "రేపు" అన్న మాట రెండూ కలిపి చెప్పకపోతే ఇది బయటపడేది కాదు.

ఆ తరువాత రాతలో పంపాలి. ఈ ఉదాహరణలో నేను కొడుక్కీ తల్లికీ ఇద్దరికీ పంపిన సందేశం ఇంచుమించు ఇలా ఉంది:

"మీ అల్మారా (2 పెట్టెలు) రేపు గురువారం మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 మధ్య వస్తుంది. చిరునామా: డి బ్లాక్, 402, వెనక గేటు. తీసుకునేవారు: అమ్మగారు. బండి చేరడానికి అరగంట ముందు అమ్మగారికి ఫోన్ వస్తుంది. ఇవి సరిగా ఉంటే 'సరే' అని, మార్పు ఉంటే ఈ సాయంత్రం 6 లోపల తెలియజేయండి."

సాయంత్రం 6 అన్నది ఊరికే పెట్టలేదు. మా రన్‌షీట్ 7 గంటలకు మూసేస్తారు. ఆ తరువాత వచ్చిన మార్పు డెస్క్ కంప్యూటర్‌లో కనిపిస్తుంది కానీ డ్రైవర్ చేతికి వెళ్లే జాబితాలోకి ఎక్కదు. మీ దగ్గర ఆ సమయం ఎంతో ముందు తెలుసుకుని, దానికి గంట ముందు గడువు పెట్టండి. సందేశం చేరినట్టు గుర్తు కనిపించడం ఒప్పుకోవడం కాదు. జవాబు రాకపోతే 6 గంటలకు ఒకసారి ఫోన్ చేయండి. అప్పటికీ దొరకకపోతే ఆ సరుకును మర్నాటి బండి ఎక్కించకుండా ఆపండి.

ఓటీపీ సంగతి మరవవద్దు. మా దగ్గర ఓటీపీ ఆర్డర్ మీద ఉన్న నంబరుకు వెళ్తుంది. అంటే తలుపు దగ్గర తల్లి, ఓటీపీ వేరే ఊళ్లో మీటింగ్‌లో ఉన్న కొడుకు దగ్గర. ఎన్ని అల్మారాలు ఇలా గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లాయో నేను కళ్లారా చూశాను. అందుకని కొడుకు అనుమతితో, రన్‌షీట్ మూయక ముందే, ఆ ఆర్డర్‌లో డెలివరీ నంబరును తల్లి నంబరుగా మార్పించాను. మీ వ్యవస్థలో అలా మార్చే వీలు లేకపోతే, ఆ రెండు గంటలూ ఫోన్ చేతిలో ఉంచుకోమని ఆర్డర్ పెట్టినవారికి విడిగా చెప్పండి. సరుకు అందాక డబ్బు ఇచ్చే ఆర్డరైతే ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఇదే సమయంలో అడగాలి.

దానితో పాటు ఆవిడకు ఒక మాట గట్టిగా చెప్పాను: ఓటీపీని ఫోన్‌లో ఎవరికీ చెప్పవద్దు, నేను అడిగినా చెప్పవద్దు, పెట్టెలు రెండూ ఇంట్లోకి వచ్చి ఎక్కడా దెబ్బ తినలేదని చూసుకున్నాక మా మనిషికి ఎదురుగా చెప్పండి అని. మళ్లీ డెలివరీ చేస్తామంటూ లింకు పంపి డబ్బు కట్టమనే మోసాలు ఎక్కువగా ఉన్నాయి. కాబట్టి రెండోసారి సమయం ఖాయం చేసే ఫోన్‌లో మనం డబ్బు గాని, కార్డు వివరాలు గాని, ఓటీపీ గాని అడగకూడదు. ఆర్డర్ నంబరులోని చివరి నాలుగు అంకెలు మనమే ముందు చెప్పి, అవతలివారిని సరిచూసుకోనివ్వాలి.

ఇక ఈ శ్రమ అంతా డ్రైవర్‌కు చేరకపోతే వృథా. డెస్క్‌లో రాసే గమనికలు చాలాసార్లు పొడుగ్గా ఉంటాయి, డ్రైవర్ ఫోన్‌లో మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి. బండి నడుపుతూ ఎవరూ కిందికి జరిపి చదవరు. బండి మీద తిరిగిన రోజుల్లో నేనూ చదవలేదు. అందువల్ల పనికివచ్చేది మొదట ఉండాలి. ఆ రోజు నేను రాసింది ఇది: "డి బ్లాక్ 402, బి కాదు. వెనక గేటు. 12:30కి ముందు వద్దు. అమ్మగారికి ఫోన్." కొడుకు వేరే ఊళ్లో ఉండటం, మొదటిసారి ఎందుకు ఆగింది, ఎదురింటి నంబరు ఇవన్నీ ఆ తరువాతి లైన్లలో ఉన్నాయి. ఉదయం బండి ఎక్కించేటప్పుడు డ్రైవర్‌కు నోటితో కూడా ఒకసారి చెప్పాను. వీలైతే మొదటిసారి వెళ్లిన డ్రైవర్‌నే పంపండి, ఆయనకు ఆ గేటు తెలుసు.

ఆ రోజు జరిగినది కూడా చెబుతాను. రెండో బరువైన సామాను దగ్గర లిఫ్ట్ ఆగిపోయి మనుషులు మెట్ల మీదుగా మోయవలసి వచ్చింది. 1 గంటకు చేరవలసిన బండి ఇంకా రెండు ఇళ్లు వెనక ఉంది. నేను 1:15కి ఆవిడకు ఫోన్ చేసి "అమ్మా, బండి కొంచెం వెనకబడింది, రెండు గంటలకు అటూ ఇటూగా వస్తుంది, చెప్పిన సమయం లోపలే" అన్నాను. ఆలస్యం సంగతి స్లాట్ ముగిశాక కాదు, ఇంకా సగం ఉండగానే చెప్పాలి. స్లాట్ దాటాక చేసే ఫోన్‌లో క్షమాపణ తప్ప ఇంకేమీ మిగలదు. బండి 2:05కి వెనక గేటు దగ్గర ఆగింది, 2:30కి రెండు పెట్టెలూ లోపల ఉన్నాయి.

తలుపు తీయకపోతే డ్రైవర్ ఎంతసేపు ఆగాలన్నది కూడా ముందే నిర్ణయించి ఉంచండి. మా దగ్గర పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో రాసి ఉన్న ఇద్దరికీ ఫోన్ చేయాలి, బెల్ కొట్టాలి, డెస్క్‌కు చెప్పాలి. డెస్క్ ఒప్పుకున్నాకే బటన్ నొక్కాలి. ఈ నియమం పెట్టాక ఉత్తుత్తి ప్రయత్నాలు దాదాపుగా ఆగిపోయాయి.

దుకాణాలు, ఆఫీసులైతే పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ మనిషి దొరకడం సమస్య కాదు, సరుకు దింపుకుని సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి దొరకడమే సమస్య. స్టోర్ చూసే వ్యక్తి పేరు, ఆయన సరుకు తీసుకునే వేళలు, భోజన విరామం, ఆయన సెలవులో ఉంటే ఎవరన్నది అడిగితే చాలు.

"సెక్యూరిటీ దగ్గర పెట్టి వెళ్లండి" అని కొందరు అడుగుతారు. చిన్న పార్సిల్‌కు, డబ్బు ముందే కట్టి ఉంటే, కస్టమర్ ఆ మాట సందేశంలో రాసి పంపితే నేను ఒప్పుకుంటాను. పగిలే వస్తువులకు, బిగించవలసిన సామానుకు, తలుపు దగ్గర డబ్బు తీసుకోవలసిన వాటికి ఒప్పుకోను. గేటు దగ్గర పెట్టిన పెట్టె మీద సాయంత్రం ఒక గీత కనిపిస్తే అది ఎవరి చేతిలో పడిందో ఎవరూ తేల్చలేరు.

రెండోసారి కూడా ఆగిపోతే మూడో తేదీ ఇచ్చే ముందు ఫోన్‌లో సూటిగా అడగండి: "మీకు ఈ సామాను ఇంకా కావాలా, లేక రద్దు చేయమంటారా?" మనసు మార్చుకుని, ఆ మాట చెప్పడానికి మొహమాటపడి ఫోన్ ఎత్తనివారు కూడా ఉంటారు. అడిగితే తేలికపడి చెప్పేస్తారు. కావాలంటే మాత్రం మూడోసారి ఇరుకైన స్లాట్ ఇవ్వవద్దు, ఇంట్లో ఎవరో ఒకరు రోజంతా ఉండే తేదీ అడగండి. అది కుదరకపోతే హబ్‌కు వచ్చి తీసుకునే వీలు ఉందేమో చూడండి. చాలా సంస్థలు మూడు ప్రయత్నాల తరువాత సరుకును పంపినవారికే తిప్పి పంపుతాయి. మీ దగ్గర ఆ లెక్క ఎంతో తెలుసుకుని, చివరి ప్రయత్నానికి ముందే ఆ సంగతి కస్టమర్‌కు చెప్పండి.

రేపు పొద్దున మీ దగ్గర పెండింగ్‌లో ఉన్న జాబితా తెరిచినప్పుడు, ఆర్డర్ పెట్టినవారి పేరూ సరుకు చేరవలసిన వారి పేరూ వేరుగా ఉన్నవాటిని ముందు పక్కకు తీయండి. తలుపు తీసే మనిషితో ఇంతవరకు ఎవరూ మాట్లాడని ఆర్డర్లు ఎక్కువగా అందులోనే దొరుకుతాయి.